దొరకని సైటు మహాత్మ్యం

తన గొప్ప తాను చెప్పుకోని వ్యాపారి ఈ కలికాలంలో ఎక్కడున్నాడని పెద్దలు నిట్టూరుస్తుంటారు. వాళ్లు కడప శివార్లలో నాపరాళ్లు అమ్మే మా పెద్దాయనను ఎరుగరు. ఆయన వెబ్‌సైటు పెట్టారు. డొమైన్ కొన్నారు, ఏడాదికి అద్దె కట్టారు, మేనల్లుడి చేత వర్డ్‌ప్రెస్‌లో రంగురంగుల పేజీలు చేయించారు, పూజ చేయించి కొబ్బరికాయ కొట్టారు. ఆ తరువాత నెలల తరబడి ఆ సైటు గూగుల్‌లో ఎవరికీ కనబడలేదు. ఇంతటి నిగర్వం నేను మఠాధిపతుల్లోనూ చూడలేదు.

పెద్దాయన అనుచరుల్లో దీనిపై రెండు సిద్ధాంతాలు నడిచాయి. సైటు ప్రారంభించిన ముహూర్తం బాగాలేదన్నది ఒకటి. గూగుల్‌కు డబ్బు కట్టనిదే చూపించదన్నది రెండోది. మొదటిదానిపై వ్యాఖ్యానించే అర్హత నాకు లేదు. రెండోది మాత్రం తప్పు. ప్రకటనలకే డబ్బు తీసుకుంటారు. మామూలు ఫలితాల్లో చోటుకు ధర లేదు, ఎవరూ కొనలేరు.

అసలు సంగతి తెలుసుకోవడానికి జాతకం అక్కర్లేదు. గూగుల్ వెతికే గడిలో `site:` అని కొట్టి, ఖాళీ ఇవ్వకుండా సైటు చిరునామా రాస్తే, గూగుల్ తన దగ్గర చేర్చుకున్న ఆ సైటు పేజీలు కొన్నయినా కనబడతాయి. పెద్దాయన సైటుకు ఒక్కటీ రాలేదు. అంటే ర్యాంకు తక్కువ కావడం కాదు, అసలు జాబితాలోనే లేదు. ఈ రెండు రోగాలకూ మందులు వేరు. మన వాళ్లు రెండో రోగానికి మొదటిదాని మందు మింగిస్తూ ఏళ్లు గడిపేస్తారు.

పేజీ తెరిచి కంట్రోల్, యు నొక్కితే దాని మూలం కనబడుతుంది. అందులో ఈ వాక్యం కూర్చుని ఉంది.

```html
<meta name="robots" content="noindex, nofollow">
```

దీని భావం: అయ్యా గూగుల్ గారూ, మమ్మల్ని చేర్చుకోకండి. గూగుల్ మర్యాదస్తుడు, మాట విన్నాడు. తయారీలో ఉన్న సైటు సగం సగంగా బయటపడకుండా మేనల్లుడు వర్డ్‌ప్రెస్‌లో Settings, అందులో Reading దగ్గర ‘Discourage search engines from indexing this site’ అనే గడిలో టిక్కు పెట్టాడు. మంచి పనే. పని పూర్తయ్యాక తీయడం మరిచి, బెంగళూరు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అక్కడినుంచి మామకు ఫోను చేసినప్పుడల్లా, ‘మామా, గూగుల్ అల్గారిదం మారింది’ అని చెబుతూ వచ్చాడు. సైటులోని ఒక టిక్కుకు అమెరికాలోని కంపెనీని బాధ్యుణ్ణి చేయడం మన మేధావులకు కొత్త కాదు.

టిక్కు తీశారు. అయినా మూలంలో ఆ వాక్యం అలాగే ఉంది. ఇక్కడే చాలామంది మళ్లీ ముహూర్తం దగ్గరికి వెళతారు. సైటు వేగంగా తెరుచుకోవాలని పెట్టిన క్యాషే ప్లగిన్ పాత నకలునే వడ్డిస్తోంది. దాన్ని ఖాళీ చేశాక వాక్యం పోయింది. ఆ తరువాత సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ వారి ఉచిత కార్యాలయంలో సైటు తమదేనని రుజువు చూపి, పేజీ చిరునామా ఇచ్చి తనిఖీ చేస్తే ‘Excluded by ‘noindex’ tag’ అని రాసి ఉంది. అది గూగుల్ పాత సందర్శన నాటి నివేదిక. Request Indexing నొక్కితే మళ్లీ రమ్మని అర్జీ పెట్టినట్టు. కొన్ని రోజులు పట్టవచ్చు, కొన్ని వారాలూ పట్టవచ్చు. రోజుకు పదిసార్లు నొక్కినంత మాత్రాన దస్త్రం ముందుకు జరగదు. ఈ ఒక్క విషయంలో గూగుల్‌కూ మన తాలూకా ఆఫీసుకూ పోలిక కుదురుతుంది.

చివరికి సైటు కనబడింది. పెద్దాయన ఫోను నా చేతికిచ్చి గర్వంగా చూపించారు. నీలిరంగు శీర్షికలో ‘Home’ అని ఉంది. కింద వివరణగా ‘All rights reserved’ అని ఉంది. రాయి మాట ఎక్కడా లేదు. హక్కులన్నీ మావే, సరుకేమిటో చెప్పం.

కారణం సులభం. ధరల పేజీకి, చిరునామా పేజీకి, మొదటి పేజీకి అన్నింటికీ `<title>` లో ‘Home’ అనే రాశారు. బండల మందం, చదరపు అడుగు ధర, లారీ లోడు వివరాలు అన్నీ ఒక అందమైన కరపత్రం బొమ్మలో ఉన్నాయి. బొమ్మలో అచ్చువేసిన అక్షరాలు మన కళ్లకు కనబడతాయి గానీ, పేజీలో అవి అక్షరాలుగా లేవు. వివరణ రాయకపోతే గూగుల్ పేజీలో ఉన్న మాటల్లోంచి ఏరుకుంటుంది. పేజీలో మాటలుగా మిగిలింది అడుగున ఉన్న కాపీరైటు వరుసొక్కటే.

అయితే మేనల్లుడు కష్టపడలేదని అనడానికి వీల్లేదు. కీవర్డ్స్ అనే ట్యాగులో మార్బుల్, గ్రానైట్, టైల్స్ మొదలుకొని పక్క జిల్లాల పేర్లదాకా నింపాడు. ఆ ట్యాగును ర్యాంకుకు లెక్కచేయడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. అతిథి రావడం మానేసిన ఇంట్లో రోజూ విస్తరి వేసినట్టు, మన సైట్లలో ఆ జాబితా ఇంకా పెరుగుతూనే ఉంది.

శీర్షిక రాయాలంటే కొనేవాడు ఏమని వెతుకుతాడో ఆలోచించాలి, అమ్మేవాడు ఏమని పిలుచుకుంటాడో కాదు. ఊరి పేరును ఇంగ్లిషులో Cuddapah నుంచి Kadapa కు 2005లో మార్చారు. రాయికి ఆ ఉత్తర్వు ఇంకా అందలేదు. బయటి వ్యాపారులు పాత అక్షరాలతోనే అడుగుతారు, ముంబైలో వంటగట్టు వేయించుకునే వారు kadappa అంటారు, మనవాళ్లు కడప బండలనో నాపరాళ్లనో కొడతారు. అన్నింటినీ ఒకే శీర్షికలో కుక్కితే అది శీర్షిక కాదు, సంతలో కేక. అందుకని ఇంగ్లిషు పేజీకి ఇలా పెట్టాం.

```html
<title>Black Cuddapah Stone Slabs, Rates – Kadapa</title>
```

తెలుగు పేజీ వేరు, దాని శీర్షికా వేరు: ‘కడప నల్ల నాపరాళ్లు: మందం, ధరలు’. నిడివికి కచ్చితమైన హద్దు లేదు గానీ తెరపై చోటు తక్కువ, పొడుగైతే చివర తెగిపోతుంది. ఇంగ్లిషులో అరవై అక్షరాల లోపు ఉంటే సాధారణంగా నిలుస్తుంది. వివరణలో పాలిష్ చేసినవీ చేయనివీ దొరుకుతాయని, ఎక్కడికి లారీ పంపుతారో రెండు వాక్యాలు రాశాం. వివరణ ర్యాంకును పెంచదు, చదివినవాడి వేలిని మన మీద నొక్కేలా చేస్తుంది, అంతే. అదీ గూగుల్‌కు నచ్చితేనే. ఒక్కోసారి మన రాతను పక్కనబెట్టి, వెతికిన మాటకు దగ్గరగా ఉన్న వాక్యాన్ని పేజీలోంచి తానే తీసి చూపిస్తుంది. కనుక కరపత్రంలోని ధరలను మామూలు అక్షరాల్లో పేజీలో టైపు చేయించాం. ఇన్నింటిలో అసలు పని అదే. ఎవరికీ ఆసక్తి లేని పని కూడా అదే.

ఇంతలో నెలకింత ఇస్తే మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ అని ఒకాయన పెద్దాయనకు ఫోను చేశాడు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ వారే రాసిపెట్టారు. గ్యారంటీ మాటను ఎలా పరీక్షించాలో పెద్దాయనకు చెప్పాను: ఏ మాట వెతికితే మొదటి స్థానం అని అడగండి. అడిగారు. అటువైపు ఆయన, ‘మీ షాపు పేరు కొట్టి చూడండి సార్, మొదటిదే వస్తుంది’ అన్నాడు. షాపు పేరు తెలిసినవాడు నేరుగా లారీ తీసుకుని షాపుకే వస్తాడని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

పెద్దాయన ఫోను పెట్టేసి నావైపు తిరిగారు. ‘అది సరే తమ్ముడూ, ఆ శీర్షికలో ముందు రాయలసీమ నంబర్ వన్ అని తగిలించకూడదా?’

‘అన్నా, ఆ మాటలు ముందు పెడితే ఫోను తెర మీద రాయి తెగిపోతుంది’ అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. ‘అయితే బండలను చివర పెట్టు’ అన్నారు.