ఘనతంతా కోచ్‌దేనా?
“ఈ ఎంపిక నాది కాదు, మా కోచ్‌ది, మా ఇంట్లోవాళ్లది.” కబడ్డీ జట్టుకు ఎంపికైన ఓ అమ్మాయి అన్న ఈ మాటను సగమే ఒప్పుకుంటాను. నేనూ కబడ్డీలో కార్నర్‌గా, అంటే అంచున నిలబడి రెయిడర్‌ను పట్టేవాడిగా ఆడినవాణ్ని. రెయిడర్ బోనస్ గీతకేసి కాలు చాపగానే మీదికి దూకడం కొత్తవాళ్లందరికీ ఉన్న జబ్బే. చాలాసార్లు అది మనల్ని రప్పించే ఎత్తు. బోనస్ దక్కాలంటే వెనక కాలు గాల్లోకి లేవాలి, అప్పుడు బరువంతా ముందుకాలి మీదే ఉంటుంది. చీలమండ పట్టాల్సింది ఆ క్షణంలోనే. అందాకా ఆగడం మా కోచ్ తిట్టి తిట్టి నేర్పారు. ఎంపిక పోటీల్లో దొరికే కాసేపట్లో తొందరపడి దూకినవాళ్లు సెలెక్టర్లకు ఇట్టే కనిపిస్తారు. కానీ అక్కడ ఆగింది ఈ అమ్మాయే కదా, కోచ్ గీత బయటే ఉన్నారు! ఇంట్లోవాళ్లకు మాత్రం ఎంత చెప్పినా తక్కువే. పోటీలకు ముందు బరువు తూచే రోజు దగ్గరపడితే నా చిరాకంతా భరించింది వాళ్లే.