పుల్లీ లెక్కలో టెన్షన్ 30 న్యూటన్లు కాదు బాబూ

పుల్లీ మీదుగా ఒక తాడు, ఒక కొసకి 3 కిలోల దిమ్మె, రెండో కొసకి 2 కిలోల దిమ్మె. వదిలేస్తే త్వరణం ఎంత, తాడులో టెన్షన్ ఎంత? ఇంటర్ ఫస్టియర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లెవరూ ఈ లెక్క ముట్టుకోకుండా బయటపడి ఉండరు. కానీ మన దగ్గర దీన్ని చెప్పే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. ఈ మధ్య మేనల్లుడి కోచింగ్ మెటీరియల్ తిరగేశాను. పేజీ పైన డబ్బా కట్టి రెండు సూత్రాలు:

a = (m1 − m2)g / (m1 + m2)
T = 2·m1·m2·g / (m1 + m2)

కింద వరసగా బిట్లు. ఈ సూత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఒక్క ముక్క లేదు, బొమ్మ కూడా పుల్లీకి రెండు డబ్బాలు తగిలించినట్టు ఒకటి, దాని మీద ఒక్క బాణం గుర్తు కూడా లేదు. సరే, వాడు మాత్రం g ని 10 తీసుకుని చకచకా చెప్పేశాడు, త్వరణం 2, టెన్షన్ 24 అని. రెండూ కరెక్టే. అప్పుడు అడిగాను, "ఒరేయ్, ఆ 3 కిలోల దిమ్మె విప్పేసి అదే కొసని నేను చేత్తో పట్టుకుని సరిగ్గా 30 న్యూటన్లతో కిందికి లాగాననుకో, ఇటు 2 కిలోల దిమ్మె ఎంత త్వరణంతో పైకొస్తుంది?"

"అదే కదా మామయ్యా. 3 కిలోల బరువన్నా 30 న్యూటన్లన్నా ఒకటేగా. రెండే."

రెండు కాదు, ఐదు. చేత్తో లాగేటప్పుడు తాడులో టెన్షనే 30. 2 కిలోల దిమ్మె మీద పైకి 30, కిందికి దాని బరువు 20, మిగిలింది 10, దాన్ని 2తో భాగిస్తే 5. మరి దిమ్మె వేలాడుతుంటే 2 మాత్రమే ఎందుకు వచ్చింది? ఎందుకంటే ఆ 30 న్యూటన్లు 2 కిలోల దిమ్మెను లాగడానికి మాత్రమే కాదు, 3 కిలోల దిమ్మె తన సొంత ఒంటిని కదిలించుకోవడానికి కూడా ఖర్చవుతాయి. భూమి 3 కిలోల దిమ్మెను లాగుతుంది, తాడును కాదు. తాడుకి అందేది దిమ్మె కదలడానికి వాడుకోగా మిగిలిన భాగం, అంటే 24. ఈ తేడా తెలియని పిల్లాడికి ఈ లెక్క రానట్టే, బిట్టుకి మార్కు పడినా సరే.

అసలు ఆ 24 ఎక్కడి నుంచి ఊడిపడిందో సూత్రం లేకుండా చూద్దాం, ఐదు నిమిషాల పని. తాడులో టెన్షన్ ఎంతో మనకి తెలియదు, కాబట్టి ఊహించుకుందాం. చాలామంది మొదట అనుకునేది 30. అలాగే అనుకుంటే 3 కిలోల దిమ్మె మీద కిందికి 30, పైకి 30, అది ఉన్నచోటే ఉండిపోవాలి. అవతల 2 కిలోల దిమ్మె మాత్రం 5 త్వరణంతో పైకి రావాలి. ఒకటి పైకి వస్తూ రెండోది కదలకపోతే మధ్యలో తాడు సడలిపోతుంది, సడలిన తాడులో 30 ఎక్కడిది? సరే, 20 అనుకుందాం. ఇప్పుడు చిన్న దిమ్మె నిలబడిపోతుంది, పెద్దది 30లో 20 పోను 10 న్యూటన్లతో, అంటే 3.33 త్వరణంతో దిగిపోతుంది. అంటే తాడు సాగాలి. మనం తీసుకున్నది సాగని తాడు. కాబట్టి జవాబు 20కీ 30కీ మధ్య ఎక్కడో ఉండాలి, ఇక్కడికి వచ్చాక ఇంకే లెక్కా చేయకపోయినా ఇంత మాత్రం ఖాయం. మధ్యలో ఉంది కదా అని 25 వేసి చూడండి: పెద్దది 1.67తో దిగుతుంది, చిన్నది 2.5తో ఎక్కుతుంది, పొసగలేదు. 24 వేయండి. పెద్దదానికి మిగిలేది 6, 3తో భాగిస్తే 2. చిన్నదానికి మిగిలేది 4, 2తో భాగిస్తే 2. రెండూ కలిశాయి. టెన్షన్ అంటే ఇదే, రెండు దిమ్మెల త్వరణాలూ సమానంగా ఉండటానికి ఎంత కావాలో సరిగ్గా అంత.

ఇదే పనిని రెండు సమీకరణాల్లో రాస్తే 30 − T = 3a, T − 20 = 2a. రెండూ కూడితే T పోతుంది, 10 = 5a. అంతే. ఈ రెండు గీతలు రాయడానికి బోర్డు మీద ఒక్క నిమిషం పడుతుంది, ఆ నిమిషం మిగుల్చుకోవడానికి పిల్లల చేత సూత్రం బట్టీ పట్టిస్తారు. ఇంకో షార్ట్‌కట్ ఉంది, "మొత్తం బలం బై మొత్తం ద్రవ్యరాశి" అని. త్వరణం వరకూ అది తప్పేమీ కాదు, కానీ అందులో తాడు కనపడదు, అందుకే టెన్షన్ అడిగేసరికి పిల్లలు బరువుల్లో ఏదో ఒకటి రాసేస్తారు. ఆప్షన్లలో 20, 30, 50 ఎప్పుడూ పెట్టేది ఎందుకనుకున్నారు?

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఒకటి చెప్తాను, ఇది ఏ మెటీరియల్‌లోనూ కనపడదు. వదలకముందు టెన్షన్ ఎంత? వింటే వెర్రి ప్రశ్నలా ఉంటుంది. కానీ మీరు ఏ దిమ్మెను పట్టుకుని ఆపారన్నదాని మీద జవాబు ఆధారపడి ఉంటుంది. పెద్ద దిమ్మె కింద అరచెయ్యి పెట్టి ఆపారనుకోండి, చిన్న దిమ్మె ఊరికే వేలాడుతోంది, దాని బరువుకి సరిపడా టెన్షన్ 20. మీ చెయ్యి మోసేది 10. చెయ్యి తీయగానే టెన్షన్ 20 నుంచి 24కి పెరుగుతుంది. అలా కాకుండా చిన్న దిమ్మెను పైకి పోనివ్వకుండా పట్టుకున్నారనుకోండి, ఇప్పుడు పెద్దది ఊరికే వేలాడుతోంది, టెన్షన్ 30. వదలగానే 24కి పడిపోతుంది. రెండు సందర్భాల్లోనూ వదిలాక వచ్చేది అదే 24, వదలకముందు ఉన్నది మాత్రం వేరు. 22 న్యూటన్లకి తెగే దారం వాడితే మొదటి పద్ధతిలో చెయ్యి కింద ఉన్నంతసేపూ నిక్షేపంగా ఉంటుంది, చెయ్యి తీసిన క్షణంలో పుటుక్కుమంటుంది.

పుల్లీని ఒక స్ప్రింగ్ బ్యాలెన్స్‌కి తగిలించి పైనుంచి వేలాడదీస్తే ఇది కంటికి కనపడుతుంది. పుల్లీ బరువు లేదనుకుందాం. రెండు దిమ్మెలూ కలిపి 5 కిలోలు, 50 న్యూటన్లు చూపించాలి కదా? చూపించదు. పెద్దదాన్ని చేత్తో మోస్తున్నప్పుడు 40 చూపిస్తుంది, వదిలాక 48. రెండు పక్కల తాళ్లూ చెరో 24 లాగుతున్నాయి, అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ రాదు. మిగతా 2 న్యూటన్లు ఏమయ్యాయని అడిగితే, 3 కిలోలు దిగుతూ 2 కిలోలు ఎక్కుతుంటే మొత్తం మీద బరువు కిందికే జారుతోంది. గరిమనాభి త్వరణం లెక్క వేస్తే (3×2 − 2×2)/5, అంటే 0.4. ఐదు కిలోలకి 0.4 చొప్పున 2 న్యూటన్లు. లెక్క అణా పైసలతో సరిపోయింది.

ఇప్పుడు అసలు నా కోపం. ప్రశ్నలో "తేలికైన, నునుపైన పుల్లీ" అని రెండు మాటలు ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు, మంగళవాయిద్యం లాగా మోగి పోతాయి. రెండు పక్కలా టెన్షన్ ఒకటే అని రాయడానికి మనకున్న హక్కు మొత్తం ఆ రెండు మాటల్లోనే ఉంది. పుల్లీకి 2 కిలోల బరువు ఉందనుకోండి, నిండు బిళ్ల లాంటిది, తాడు దాని మీద జారకుండా దాన్ని తిప్పుతోంది. ఇప్పుడు పుల్లీని తిప్పడానికి కూడా బలం కావాలి, రెండు పక్కలా టెన్షన్ సమానమైతే పుల్లీ వేగం ఎలా పుంజుకుంటుంది? బిళ్ల అయితే దాని ద్రవ్యరాశిలో సగం మొత్తానికి కలుస్తుంది: a = 10/(3 + 2 + 1), అంటే 1.67. పెద్ద దిమ్మె వైపు టెన్షన్ 25, చిన్న దిమ్మె వైపు 23.3. ఆ తేడానే పుల్లీని తిప్పేది. డబ్బాలోని సూత్రం ఇక్కడ ఎందుకూ పనికిరాదు, మూడు సమీకరణాలు రాసుకున్నవాడికి మాత్రం కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

ఈ పరికరం పుట్టింది కూడా బిట్ల కోసం కాదు. జార్జ్ ఆట్‌వుడ్ అని కేంబ్రిడ్జ్‌లో పాఠాలు చెప్పిన ఇంగ్లిష్ ఆయన 1784లో అచ్చేసిన గ్రంథంలో దీన్ని వివరించాడు. ఆ రోజుల్లో ఊరికే పడే వస్తువుని కొలవడం కష్టం, మీటరు ఎత్తు నుంచి పడటానికి అర సెకను కూడా పట్టదు. రెండు పక్కలా చెరో 500 గ్రాములు పెట్టి ఒక పక్కన 10 గ్రాములు ఎక్కువ వేస్తే త్వరణం 0.1 దగ్గరికి తగ్గిపోతుంది, అదే మీటరుకి నాలుగున్నర సెకన్లు పడుతుంది. లోలకం గడియారం టిక్కులు లెక్కపెట్టుకుంటూ చూడొచ్చు. పుల్లీ ఇరుసు దగ్గర రాపిడి తగ్గించడానికి ఆ ఇరుసుని మళ్లీ చిన్న చక్రాల మీద ఆనించాడు. అంటే "నునుపైన" అన్న మాట కోసం ఆయన అంత తంటాలు పడ్డాడు.

మన ల్యాబుల్లో ఈ ప్రయోగం చేస్తే g విలువ ఎప్పుడూ తక్కువే వస్తుంది, 8.9 అలా. రికార్డులో మాత్రం అందరికీ 9.8 వస్తుంది, ఎలా వస్తుందో అందరికీ తెలుసు! తక్కువ రావడానికి కారణం రాపిడా, పుల్లీ బరువా అన్నది కనిపెట్టడానికి సులువైన దారి ఉంది. మొత్తం ద్రవ్యరాశి మార్చకుండా చిన్న చిన్న తూకపు బిళ్లల్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారుస్తూ పోండి, ప్రతిసారీ త్వరణం కొలిచి, రెండు పక్కల తేడాకి ఎదురుగా గ్రాఫ్ గీయండి. సరళరేఖ వస్తుంది. అది మూలబిందువు గుండా పోకుండా కొంచెం కుడికి జరిగి మొదలైతే అది రాపిడి, ఎందుకంటే కొంత తేడా దాన్ని గెలవడానికే పోతోంది. మూలబిందువు గుండానే పోతూ వాలు మాత్రం g/(m1 + m2) కంటే తక్కువ ఉంటే అది పుల్లీ. రెండూ ఉంటే రెండూ కనపడతాయి. రాపిడి ఒక్కటే అయితే, ముందు రెండు పక్కలా సమానంగా పెట్టి, దిగాల్సిన వైపు చిటికెడు మైనం అంటిస్తూ పోతే ఒక దగ్గర, చేత్తో ఒక తోపు తోస్తే అదే వేగంతో సాగిపోతుంది, అక్కడి నుంచి కొలతలు మొదలెట్టుకోవచ్చు. పుల్లీ బరువుకి మాత్రం మైనంతో మందు లేదు, దాన్ని హారంలో కలుపుకోవాల్సిందే.