కొవ్వొత్తి ఆరలేదని మ్యాన్‌హోల్‌లోకి దిగొచ్చా?

“మూత తీసి పావుగంట ఆగండి. కుళ్లిన గుడ్డు వాసన రాకపోతే గ్యాస్ లేనట్టే. కొవ్వొత్తి దింపితే ఆరలేదా, ధైర్యంగా దిగొచ్చు. ఎవరైనా పడిపోతే ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వెంటనే దిగి లాగేయాలి.”

ఇలాంటి సలహా నమ్మి దిగితే ప్రాణం పోతుంది. ముందు వాసన సంగతి. ఆ కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది. అది గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం కూడా లేనప్పుడే ముక్కుకు తెలిసిపోతుంది. అది 100 భాగాలు దాటితే, కొద్ది నిమిషాల్లోనే ముక్కు మొద్దుబారి వాసన పట్టదు. అంటే ఇందాక గుప్పుమన్న కంపు ఉన్నట్టుండి ఆగిపోతే గ్యాస్ పోయిందని కాదు, పెరిగిందేమోనని భయపడాలి. కళ్లు మండినా, తల పగిలిపోతున్నట్టున్నా, వాంతి వచ్చేలా ఉన్నా ఆ క్షణమే పైకి వచ్చేయాలి. 700 దాటితే ఒకటి రెండు ఊపిరులకే కుప్పకూలొచ్చు.

కొవ్వొత్తి చెప్పేది ఆక్సిజన్ గురించే. అది సుమారు 16 శాతానికి పడిపోతే మంట ఆరుతుంది. మనిషిని పడేసే 700 భాగాలంటే గాలిలో 0.07 శాతం. ఆ గాలిలో కొవ్వొత్తి నిక్షేపంగా వెలుగుతుంది. పైగా లోపల మీథేన్ ఉంటే ఆ మంటే పేలుడికి నిప్పు. ఈ సలహా మొదట ఎవరిచ్చారో గానీ!

చూడాల్సింది నాలుగు వాయువుల డిటెక్టర్‌తో: ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ రోజు దాన్ని టెస్ట్ గ్యాస్‌తో సరిచూశాకే వాడాలి. ట్యూబును పైన, మధ్యన, అడుగున దింపి, ప్రతిచోటా రీడింగ్ నిలకడకు వచ్చేదాకా ఆగాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, కాబట్టి పైన సున్నా వచ్చినా అడుగున ఉండొచ్చు. అడుగునా సున్నా వచ్చినా పని అయిపోలేదు. బురదలో కాలు పెట్టి కెలకగానే అందులో చిక్కుకున్న గ్యాస్ సోడా బుడగల్లా బయటికొస్తుంది. అందుకే డిటెక్టర్ దిగిన మనిషి కాలర్ దగ్గరే ఉండాలి. మామూలుగా హైడ్రోజన్ సల్ఫైడ్ 10 భాగాల దగ్గర అలారం మోగేలా పెడతారు. మోగితే పైకి రావడమే, ఇంకో తట్ట బురద తీసి వస్తాననకూడదు.

ఇక తడిగుడ్డ. అది ఈ గ్యాస్‌ను ఆపదు, లేని ఆక్సిజన్‌ను తెచ్చివ్వదు. 2015 నవంబరులో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు ఆంధ్ర కార్మికులు లోపల చిక్కుకున్నారు. అటుగా ఉన్న ఒక ఆటో డ్రైవర్ వాళ్లను కాపాడదామని దిగాడు. ముగ్గురూ చనిపోయారు. లోపలి గాలి మొదటివాడిని పడేసిందంటే రెండోవాడికీ అదే గాలి.

కాపాడే ఏర్పాటు మనిషి దిగకముందే ఉండాలి: ఒంటికి హార్నెస్, దానికి తాడు, పైన మూడు కాళ్ల ట్రైపాడ్, తాడు చుట్టి పైకి లాగే విన్చ్. అప్పుడు పైనున్నవాళ్లు దిగకుండానే లాగేస్తారు. అవేవీ లేకపోతే 101కి ఫోన్ చేసి ‘గ్యాస్’ అన్న మాట ముందే చెప్పండి, బ్లోయర్ ఉంటే లోపలికి గాలి కొట్టండి, దిగబోయేవాడి చొక్కా పట్టుకుని ఆపండి. సిలిండర్ గాలి పీల్చే మాస్కుతో వచ్చినవాళ్లే దిగాలి.