నిర్మాతల కన్నీళ్లు తుడిచేదెవరు?

తెలుగు సినిమా నిర్మాత కష్టాల గురించి ఎవరూ రాయడం లేదు కాబట్టి ఆ బాధ్యత నేనే తీసుకుంటున్నాను. హీరో డేట్ల కోసం ఏళ్ల తరబడి తిరుగుతాడు. వడ్డీకి డబ్బు తెస్తాడు. వాన పడితే సెట్టు తడుస్తుంది, ఎండ కాస్తే హీరోయిన్ కందుతుంది. ఇవి చాలవన్నట్టు ఈ మధ్య నవలా రచయితలు కూడా డబ్బు అడగడం మొదలుపెట్టారు. ఫిలింనగర్ పక్కన కాపురముండి నాలుగు సంగతులు తెలిసినవాళ్లు అడిగారంటే అర్థముంది. భద్రకాళి చెరువు కట్ట మీద సాయంత్రం నడక తప్ప వేరే వ్యాపకం లేని హనుమకొండ వాళ్లు అడుగుతున్నారు!

పాత పద్ధతి ఎంత హాయిగా ఉండేదో ఒక్కసారి తలుచుకోండి. నవల నచ్చిన నిర్మాత కాజీపేటలో రైలు దిగేవాడు. రచయిత ఇంటికి వెళ్లి, శాలువా కప్పి, ఒక కవరు చేతికిచ్చి, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని సాయంత్రం బండికి వెళ్లిపోయేవాడు. సినిమా వచ్చిందా, సంతోషం. రాలేదా, శాలువా ఎక్కడికీ పోదు. చలికాలంలో పనికొస్తుంది.

ఈ సంప్రదాయానికి వచ్చిన ఆపదను వివరించడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. నక్కలగుట్టలో ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ ఉన్నారనుకోండి. ఆయన నవల ఒకటి అచ్చయి, మూడో ముద్రణకు వచ్చింది. హైదరాబాద్ నుంచి ఒక నిర్మాత వచ్చాడు. శాలువా తెచ్చాడు. పాతిక వేల చెక్కు తెచ్చాడు. స్టాంపు కాగితం మీద టైపు చేయించిన నాలుగు పేజీల పత్రం కూడా తెచ్చాడు. దాని నెత్తిన ‘ఆప్షన్ అగ్రిమెంట్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇంతకంటే మర్యాద ఎవరు చేస్తారు? కానీ దురదృష్టవశాత్తు ఆ సమయానికి సారు మేనకోడలు ఇంట్లోనే ఉంది. హనుమకొండ కోర్టులో వకీలు. ఆ అమ్మాయికి పత్రాలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే దుర్గుణం ఉంది.

“మామయ్యా, దీని పేరు ఆప్షన్. లోపల ఉన్నది అమ్మకం” అంది.

ఇంత కటువుగా మాట్లాడవలసిన అవసరం ఏముంది? అసలు ఆప్షన్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ప్లాటు కొనేవాడు బయానా ఇచ్చినట్టు, నిర్మాత కొంత సొమ్ము ఇచ్చి గడువు కొనుక్కుంటాడు. ఆ గడువులోగా రచయిత ఆ నవల సినిమా హక్కులను మరొకరికి అమ్మకూడదు. నిర్మాత ఈలోగా స్క్రిప్టు రాయించుకుంటాడు, డైరెక్టర్‌ను, పెట్టుబడిని వెతుక్కుంటాడు. అన్నీ కుదిరితే ముందే ఒప్పుకున్న పూర్తి ధర కట్టి హక్కులు తీసుకుంటాడు. కుదరకపోతే గడువు తీరిన రోజున నవల తిరిగి స్వేచ్ఛగా రచయిత చేతిలో ఉంటుంది, ఇచ్చిన సొమ్ము కూడా ఆయనకే మిగులుతుంది. కొనితీరాలన్న బలవంతం నిర్మాతకు లేదు. అమ్మనని మొండికేసే వీలు రచయితకు లేదు.

మన నిర్మాత తెచ్చిన పత్రం ఇంతకంటే ఉదారమైనది. అందులో రెండో పేజీలో, ‘ఈ సంతకంతో సినిమా హక్కులన్నీ నిర్మాతకు బదిలీ అయినవి’ అని ఉంది. మిగతా సొమ్ము ‘చిత్రం విడుదలైన పిమ్మట’ ఇస్తారట. అంటే హక్కులు ఈరోజే వెళతాయి, డబ్బు విడుదల నాడు బయలుదేరుతుంది. చిత్రమే తీయకపోతే? విడుదల ఉండదు కాబట్టి బాకీ కూడా ఉండదు. లెక్క ఎంత శుభ్రంగా ఉందో చూడండి. అయినా ఆ వకీలమ్మకు నచ్చలేదు. ఆప్షన్‌లో హక్కులు పూర్తి ధర ముట్టేదాకా రచయిత దగ్గరే ఉండాలట. ఏ పత్రం చేతికొచ్చినా ముందు వెతకవలసింది, హక్కు చేతులు మారే తేదీ ఏదీ, సొమ్ము చేతులు మారే తేదీ ఏదీ అన్నదేనట. ఆ రెండింటి మధ్య ఎడం ఉంటే అది ఆప్షన్ కాదట.

నిర్మాత ఓపిగ్గా నవ్వాడు. “సార్, మీరేం భయపడకండి. చట్టమే మీ పక్షాన ఉంది” అన్నాడు. అబద్ధం చెప్పలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ నిజంగానే రచయితల పట్ల పక్షపాతంతో ఉంది. హక్కులు రాయించుకున్నవాడు ఏడాదిలోగా వాటిని వాడుకోకపోతే ఆ బదిలీ దానంతటదే రద్దవుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. ఈ లెక్కన బద్ధకంగా రాసిన పత్రం వల్ల రచయితకు లాభమే ఎక్కువ.

అందుకే తెలివైన నిర్మాతలు బద్ధకించరు. 19(4) ఉపసెక్షన్‌లోని ఆ ఏడాది నిబంధన పక్కనే ‘ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప’ అన్న వెసులుబాటును చట్టమే ఇచ్చింది. సారు పత్రంలో చివరి పేజీలో, అధికార పరిధి గురించిన పేరాకూ సాక్షుల సంతకాలకూ నడుమ, ‘19(4) ఉపసెక్షన్ ఈ ఒప్పందానికి వర్తించదు’ అని ఒక్క వాక్యం ఉంది. అంత చిన్న వాక్యాన్ని అంత వినయంగా ఒక మూలన కూర్చోబెట్టిన వినమ్రతను మెచ్చుకోవాల్సింది పోయి, వకీలమ్మ దాని కింద ఎర్ర గీత గీసింది. దానికి తోడు కాలపరిమితి ‘శాశ్వతం’, ప్రాంతం ‘విశ్వమంతటా’, మాధ్యమం ‘ఇప్పుడున్నవీ, ఇకపై కనిపెట్టబోయేవీ’. అంగారక గ్రహం మీద థియేటర్ తెరిస్తే తొలి ఆట మన నక్కలగుట్ట నవలేనన్న మాట. ఈ గౌరవం కూడా సారు కుటుంబానికి పట్టలేదు.

తర్వాత ఆ అమ్మాయి తన పత్రం రాసింది. దాని క్రౌర్యాన్ని పాఠకులే నిర్ణయించాలి. పూర్తి ధర పది లక్షలు. ఆప్షన్ సొమ్ము అందులో పదో వంతు, లక్ష రూపాయలు. గడువు సంతకం నుంచి పద్దెనిమిది నెలలు. స్క్రిప్టు సిద్ధమైన నాటి నుంచి కాదు, హీరో ఒప్పుకున్న నాటి నుంచి కాదు, క్యాలెండర్‌లో కనిపించే తేదీ నుంచి. ఇంకా సమయం కావాలంటే గడువు తీరకముందే మరో లక్ష కట్టి ఇంకో పన్నెండు నెలలు తీసుకోవచ్చు, అదీ ఒక్కసారే. మొదటి లక్ష పూర్తి ధరలో తగ్గిస్తారు, రెండో లక్ష తగ్గించరు. పొడిగించుకుని ఆ తర్వాత కొంటే నిర్మాత అప్పుడు తొమ్మిది లక్షలు కడతాడు. రచయితకు మొత్తం పదకొండు లక్షలు ముడతాయి. కొంటున్నానని రాతపూర్వకంగా తెలిపి, సొమ్ము కట్టి, ఆ తర్వాతే షూటింగ్‌కు కొబ్బరికాయ కొట్టాలి. తేదీ దాటితే ఎవరూ ఎవరికీ నోటీసు ఇవ్వనక్కర్లేదు, హక్కు వెనక్కి వచ్చినట్టే.

రెండో లక్ష ఎందుకు తగ్గించరని నిర్మాత గద్గద స్వరంతో అడిగాడు. అది నవలకు ధర కాదట, నవలను ఇంకో ఏడాది ఎవరికీ చూపించకుండా బీరువాలో పెట్టినందుకు అద్దెట. అద్దె తగ్గిస్తే పొడిగింపు ఉచితమైపోయినట్టేనట. ఉచితంగా పొడిగించుకోగలిగినవాడు సినిమా ఎందుకు తీస్తాడు, పొడిగించుకుంటూ కూర్చుంటాడు కదా అని ఆమె వాదన.

ఇక్కడ నిర్మాత ఒక మెట్టు దిగి, పది లక్షలకు బదులు నికర లాభంలో ఐదు శాతం ఇస్తానన్నాడు. ఈ త్యాగం విని నా కళ్లు చెమర్చాయి. తెలుగు సినిమా నికర లాభం ఎంత పవిత్రమైనదంటే దాన్ని ఇంతవరకు ఏ రచయితా కళ్లతో చూడలేదు. వడ్డీలు, పబ్లిసిటీ, ఆఫీసు అద్దె, డిస్ట్రిబ్యూటర్ కమిషన్ అన్నీ పోగా మిగిలేదే నికరం. మిగలనివ్వకుండా చూసుకోవడమే అకౌంటెంట్ ఉద్యోగం.

లాభంలో వాటా వద్దని వకీలమ్మ బడ్జెట్‌లో శాతం అడిగింది. ఆమోదించిన బడ్జెట్‌లో రెండున్నర శాతం, పది లక్షలకు తగ్గకుండా, నలభై లక్షలకు మించకుండా. ఎనిమిది కోట్ల సినిమా అయితే ఇరవై లక్షలు. ఇది ఘోరం. ఎందుకంటే ప్రతి నిర్మాతకూ రెండు బడ్జెట్లు ఉంటాయి. ప్రెస్‌మీట్‌లో చెప్పేది యాభై కోట్లు, రచయితకు చెప్పేది మూడు కోట్లు. రెండూ మనస్ఫూర్తిగానే చెబుతాడు. ఏ కాగితం మీది బడ్జెట్, ఎవరు సంతకం చేసినది, అందులో ఏ ఖర్చులు కలుస్తాయి, ఏవి కలవవు అని పత్రంలో రాయమనడం అతని అంతరాత్మను తనిఖీ చేయడమే అవుతుంది. కనీస ధర అంటూ ఒకటి పెట్టడం మరీ అవమానం. బడ్జెట్ మూడు కోట్లేనని రుజువైనా పది లక్షలు రావాల్సిందేనట.

కథ మార్చే విషయంలోనైనా నిర్మాతకు ఊరట దొరుకుతుందనుకున్నాను. నవల చివర ముసలమ్మ చనిపోతుంది. సినిమాలో ఆమెకు ఐటం పాట కావాలి. హక్కులు కొన్నాక నా ఇష్టం కదా అనుకుంటాడు ఏ సామాన్య నిర్మాతైనా. కానీ అదే కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ఒకటి ఉంది. హక్కులు అమ్మేసినా, తన పేరు ప్రతిష్ఠలు దెబ్బతినేలా రచనను వికృతం చేస్తే రచయిత కోర్టుకు వెళ్లవచ్చు. హిందీ రచయిత్రి మన్నూ భండారి అలా వెళ్లారు కూడా. తెరకు తగ్గట్టు మార్పులు చేసుకోవచ్చు గానీ నవలను గుర్తుపట్టలేనంతగా పాడుచేయకూడదన్న ధోరణిలో ఢిల్లీ హైకోర్టు 1986లో తీర్పు చెప్పింది. మన సారు అంత దూరం వెళ్లకుండా, తుది స్క్రిప్టు చదివి నచ్చకపోతే టైటిల్స్‌లోంచి తన పేరు తీయించుకునే హక్కు చాలన్నారు. ఐటం పాట కింద తన పేరు లేకపోతే ముసలమ్మ ఆత్మకు శాంతి అన్నారు.

విసిగిపోయిన నిర్మాత చివరి అస్త్రం తీశాడు. “అసలు కొనడం ఎందుకు? కథ నుంచి ప్రేరణ పొందుతాం” అన్నాడు. ఇది చట్టం తెలిసిన మాట. ఆలోచన మీద ఎవరికీ కాపీరైట్ లేదని, దాన్ని చెప్పిన తీరు మీదే ఉందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో తేల్చింది. ఊళ్లో చెరువు, చెరువు కింద తగాదా, తగాదాలో ముసలమ్మ, ఇవి ఎవరి సొత్తూ కావు. కానీ అదే తీర్పు ఒక మెలిక కూడా పెట్టింది. మూల రచననూ సినిమానూ చూసిన మనిషికి ఇది దానికి నకలే అని నిస్సందేహంగా అనిపిస్తే ప్రేరణ అన్న మాట నిలవదు. నిర్మాత అప్పటికే నవలలో తనకు నచ్చిన సన్నివేశాలన్నిటికీ పేజీ నంబర్లు వేసి, ఆ జాబితాను సారుకు వాట్సాప్‌లో పంపి ఉన్నాడు.

వకీలమ్మ ఆ జాబితాను ప్రింటు తీసి ఫైల్లో పెట్టింది. నిర్మాత నిట్టూర్చి, ఆమె రాసిన పత్రానికే ఒప్పుకున్నాడు, ఒక్క చిన్న సవరణతో. ఆప్షన్ సొమ్ము లక్ష మాత్రం సినిమా విడుదలయ్యాక ఇస్తానన్నాడు. “తప్పకుండా. అయితే నవల కూడా విడుదలయ్యాకే తీసుకెళ్లండి” అని సారు బల్ల మీద ఉన్న ప్రతిని లోపల పెట్టేశారు. ఇప్పుడు చెప్పండి, నిర్మాతను కాల్చుకు తింటున్నది ఎవరు?