గీరితే మడమ పగుళ్లు పోతాయా?

"మడమలు పగిలితే మందులెందుకు? వేడి నీళ్లలో నిమ్మరసం, వంటసోడా వేసి అరగంట కాళ్లు పెట్టండి, పగులు పోయేదాకా రాయితో గీరండి, వ్యాజిలీన్ రాయండి. ఎవరికైనా 3 రోజుల్లో నున్నగా అవుతాయి."

నిమ్మ, సోడా కలవగానే బుస్సుమని పొంగుతుంది కాబట్టి ఏదో పనిచేస్తున్నట్టు ఉంటుంది, నిజానికి ఆ పొంగుతోనే పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. సోడా ఎక్కువైతే చర్మం ఇంకా ఎండుతుంది, నిమ్మ ఎక్కువైతే చీలికలో మండుతుంది. మామూలు గోరువెచ్చని నీళ్లు 10 నిమిషాలు చాలు.

అసలు తప్పు గీరడంలో ఉంది. అరికాల్లో నూనె గ్రంథులు ఉండవు, అందుకే అక్కడి చర్మం తొందరగా ఎండుతుంది. నిలబడినప్పుడు మడమలోని కొవ్వు పక్కలకి ఉబ్బుతుంది, అంచు చర్మం మందంగా, ఎండిపోయి ఉంటే సాగలేక చీలుతుంది (వెనక పట్టీ లేని చెప్పులతో ఇది మరీ ఎక్కువ). గట్టిగా గీరితే చర్మం తనను కాపాడుకోవడానికి ఇంకా మందం కడుతుంది. నానాక నాలుగైదు సార్లు తేలిగ్గా రుద్దండి, వారానికి ఒకటి రెండు సార్లు, అదీ రక్తం కారే పగులు మీద కాదు.

వ్యాజిలీన్ సగం నిజం. అది ఉన్న తడిని పోనివ్వదు, కొత్తగా తడి ఇవ్వదు, కాబట్టి ఎండిన మడమకి రాసేకన్నా చెమ్మ ఉండగా రాస్తే ఎక్కువ లాభం. రాత్రి కాళ్లు కడిగి, పైపైన అద్ది, చెమ్మ ఉండగానే 20–25 శాతం యూరియా క్రీమ్, దానిపైన వ్యాజిలీన్, ఆపైన కాటన్ సాక్సులు. తెరుచుకున్న పగుళ్లలో యూరియా మండుతుంది, అవి మూసుకునేదాకా వాటిలో వ్యాజిలీన్ ఒక్కటే. ఇదంతా 3 రోజుల పని కాదు, రెండు మూడు వారాలు పడుతుంది.

ఇక "ఎవరికైనా" అన్నమాట. షుగర్ ఉన్నవాళ్లకి నరాలు దెబ్బతింటే కాళ్లకి చెమట తగ్గుతుంది, స్పర్శ కూడా తగ్గుతుంది. లోతైన పగులు ఉండి నొప్పి లేదంటే సంతోషించకండి, డాక్టర్‌కి చూపించండి. వాళ్లు రాయి, బ్లేడు ముట్టుకోకూడదు.

మా పిన్నికి షుగర్ లేదు. పగుళ్లు కుడి కాలికే, అరికాలంతా గీతల్లో పిండి చల్లినట్టు తెల్లటి పొట్టు, బొటనవేలి గోరు పసుపుగా మందంగా. మూడు వారాలు యూరియా రాసినా మారలేదు. మెడికల్ షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన ట్యూబుతో దురద తగ్గింది గానీ పొట్టు పాదం పైకి పాకింది. చర్మ డాక్టర్ కాస్త పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే ఫంగస్, అంటే తామర జాతిదే. గోరుకీ పట్టింది కాబట్టి మాత్రలు కూడా రాశారు. మడమ నెలన్నరలో బాగుపడింది, గోరు మాత్రం ఇంకా సగమే మారింది.