మూత తీస్తే గుప్పుమంటుంది, వెలిగిస్తే వాసనేదీ?

సుగంధ కొవ్వొత్తి కొనేవారిలో ఎక్కువమంది చేసే పరీక్ష ఒకటే: మూత తీసి వాసన చూస్తారు, గాఢంగా ఉంటే కొంటారు. ఇంట్లో వెలిగించి గంట గడిచినా గదిలో పరిమళం తెలియకపోతే, తయారుచేసినవారు సుగంధ తైలం తక్కువ పోశారని తీర్మానిస్తారు. ఈ పనిలోకి కొత్తగా దిగిన తయారీదారులు కూడా అలాగే అనుకుని, తర్వాతి విడతలో తైలం పెంచుతారు. ఈ తీర్మానం చాలా సందర్భాల్లో తప్పు. వెలిగించని కొవ్వొత్తి వాసనకూ, వెలుగుతున్న కొవ్వొత్తి వాసనకూ కారణాలు వేరు. రెండోదాన్ని తైలం మోతాదు కంటే ఎక్కువగా నిర్ణయించేది ఒత్తి అని నా అభిప్రాయం.

వెలిగించకముందు వచ్చే వాసనను ఈ రంగంలో కోల్డ్ త్రో అంటారు. గట్టిపడిన మైనం పైపొర నుంచి మామూలు గది ఉష్ణోగ్రతకే ఆవిరి కాగల తేలికైన పదార్థాలు మాత్రమే అప్పుడు బయటికి వస్తాయి. నిమ్మ, నారింజ, పుదీనా వంటి వాసనలు ఈ కోవకు చెందుతాయి. అవి మూత కింద రోజుల తరబడి పోగుపడతాయి కనుక, మూత తీసిన క్షణంలో ముక్కుకు తగిలేది ఒక్కసారిగా విడుదలైన నిల్వ తప్ప కొవ్వొత్తి నిలకడగా ఇచ్చే వాసన కాదు. గంధం, వెనిల్లా, కస్తూరి వంటి బరువైన వాసనలు వేడి తగిలితే గానీ సరిగ్గా లేవవు. అందుకే చల్లగా ఉన్నప్పుడు అంతంతమాత్రంగా అనిపించిన గంధపు కొవ్వొత్తి వెలిగించాక గది నిండా పరుచుకోవడమూ, మూత దగ్గర ఘాటుగా ఉన్న నిమ్మ వాసన వెలిగించాక పలచబడటమూ వింతేమీ కాదు.

వెలిగించాక వచ్చే వాసన హాట్ త్రో. అది మంటలోంచి వస్తుందన్నది చాలామందికి ఉన్న అపోహ. కరిగిన మైనాన్ని ఒత్తి పైకి పీల్చుకుంటుంది, మంట వేడికి అది ఆవిరై మండుతుంది. దానితోపాటు పైకి వెళ్లిన తైలం కూడా చాలావరకు కాలిపోతుంది. గదిలోకి చేరే పరిమళంలో అధిక భాగం మంట చుట్టూ ఏర్పడే కరిగిన మైనపు మడుగు పైనుంచి, కాలకుండా ఆవిరై వచ్చేదే. కాబట్టి ఆ మడుగు ఎంత వెడల్పుగా, ఎంత వేడిగా ఉందన్నదే అసలు ప్రశ్న. ఆ రెండింటినీ శాసించేది ఒత్తి మందం.

ఒక ఉదాహరణ చూద్దాం. లోపలి వ్యాసం 7.5 సెంటీమీటర్లున్న గాజు పాత్రలో 200 గ్రాముల సోయా మైనం, అందులో మైనం బరువుకు 8 శాతం, అంటే 16 గ్రాముల తైలం పోశారనుకుందాం. ఈ శాతాన్నే ఫ్రాగ్రెన్స్ లోడ్ అంటారు. 6 నుంచి 10 శాతం మధ్య ఉండటం సాధారణం. ఒత్తి మాత్రం కాస్త సన్ననిది పడింది. మూడు గంటలు వెలిగాక మడుగు 5 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. చూపుకు పెద్ద లోటు కనిపించదు. వైశాల్యం లెక్కిస్తే మాత్రం పాత్ర ఉపరితలం సుమారు 44 చదరపు సెంటీమీటర్లు, మడుగు 20 లోపే. పరిమళాన్ని వదలాల్సిన ఉపరితలంలో సగానికి పైగా గట్టిగానే మిగిలిపోయిందన్నమాట. వెలిగించిన ప్రతిసారీ మైనం నడిమధ్యనే కరిగి దిగిపోతుంటే, కొవ్వొత్తిలో బావిలాంటి గుంత ఏర్పడుతుంది. గుంత లోతైన కొద్దీ మంటకు గాలి తగ్గుతుంది, అంచున మిగిలిన మైనంలోని తైలం బయటికి రానే రాదు.

ఇప్పుడు తైలాన్ని 12 శాతానికి, అంటే 24 గ్రాములకు పెంచితే ఏమవుతుంది? మైనం తనలో ఇముడ్చుకోగల తైలానికి ఒక హద్దు ఉంటుంది. చాలా రకాల సోయా మైనాలకు అది 10 శాతం దగ్గర ఉంటుంది. అంతకు మించినది మైనంలో కలవక, పైన చెమట బిందువుల్లా తేలుతుంది, లేదా అడుగున చేరుతుంది. మైనం కంటే మండే తీరు వేరైన ఈ తైలం ఒత్తిలోకి అధికంగా చేరితే ఒత్తి పూడుకుపోతుంది, మంట చిన్నదవుతుంది, మడుగు ఇంకా కుంచించుకుపోతుంది. మూత దగ్గర వాసన పెరుగుతుంది, గదిలో తగ్గుతుంది. పైగా విడిగా తేలిన తైలం అంటుకుని మంట ఎగసే ప్రమాదం కూడా ఉంది.

తైలాన్ని 8 శాతం దగ్గరే ఉంచి ఒత్తిని ఒక సైజు పెంచడం ఇక్కడ చేయవలసిన పని. ఒత్తుల సైజులకు అందరికీ వర్తించే ఒకే కొలత లేదు. ఒక్కో రకం ఒత్తికి ఒక్కో అంకెల వరుస ఉంటుంది, ఒక వరుసలోని అంకెను మరో వరుసతో పోల్చలేము. కాబట్టి పాత్ర వ్యాసాన్ని బట్టి తయారీదారు సూచించిన సైజుతో మొదలుపెట్టి, వెలిగించి చూడటమే మార్గం. మూడు నాలుగు గంటల్లో మడుగు అంచుకు చేరి, దాదాపు ఒక సెంటీమీటరు లోతులో ఆగి, మంట నిలకడగా ఉంటే ఒత్తి సరిపోయినట్టే. కొనపై పుట్టగొడుగులా మసి గడ్డ కట్టినా, మంట రెపరెపలాడినా, గాజు అంచు నల్లబడినా ఒత్తి మందం ఎక్కువైంది. అప్పుడు తైలం త్వరత్వరగా ఖర్చయిపోతుంది, గాజు ప్రమాదకరంగా వేడెక్కుతుంది.

ఇక్కడ తొందరపాటుకు ఒక ఉచ్చు ఉంది. కొవ్వొత్తి కిందికి దిగేకొద్దీ గాజు గోడలు వేడిని పట్టి ఉంచుతాయి కనుక, పైభాగంలో అంచుకు కాస్త దూరంలో ఆగిన మడుగు సగం కాలాక అంచును తాకుతుంది. మొదటిసారి గంటకే అంచుకు చేరిందని మురిసిపోతే, అడుగుకు వచ్చేసరికి అదే ఒత్తి మరీ పెద్దదవుతుంది. అడుగు దాకా కాల్చి చూడకుండా ఒత్తిని ఖరారు చేయకూడదు.

మైనం రకం ఈ లెక్కను మారుస్తుంది. పెట్రోలియం నుంచి వచ్చే పారఫిన్ పరిమళాన్ని సులువుగా వదులుతుంది. సోయా మైనం దాన్ని పట్టి ఉంచుతుంది, అదే పాత్రలో తరచుగా పారఫిన్ కంటే మందమైన ఒత్తిని కోరుతుంది, పోసిన తర్వాత వారం రెండు వారాలు ఆగితే గానీ దాని పరిమళం కుదురుకోదు. తేనెమైనం 62 డిగ్రీలు దాటితే గానీ కరగదు, దానికి సొంత వాసన కూడా ఉంది. అదనపు పరిమళానికి అది అనువైనది కాదు. సోయా అయితే మసి రాదన్న ప్రచారాన్ని మాత్రం నేను నమ్మను. ఒత్తి పెద్దదైతే ఏ మైనమైనా మసి కడుతుంది.

లోపం తైలానిదా, ఒత్తిదా అన్నది తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. కొవ్వొత్తిని వెలిగించకుండా, కొవ్వొత్తుల కోసమే చేసిన విద్యుత్ వార్మర్ మీద పెట్టి, పైపొర అంచు దాకా కరిగేవరకు ఆగాలి. ఆ గదిలోనే కూర్చుంటే ముక్కు అలవాటు పడిపోతుంది కనుక, పది నిమిషాలు బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావాలి. అప్పుడు పరిమళం స్పష్టంగా తెలిస్తే మైనంలో తైలం చాలినంత ఉందని, మార్చవలసింది ఒత్తినేనని అర్థం. అప్పుడు కూడా ఏమీ తెలియకపోతేనే తైలం మోతాదునో, తైలాన్నో అనుమానించాలి.