గుంటడి మీద అభియోగ పత్రం

దేశంలో సమస్యలకి కొదవ లేదు. వాటన్నిటినీ పక్కనపెట్టి ఈ వారం ఒక వెయిటర్ గురించి రాస్తున్నానంటే విషయం ఎంత తీవ్రమైనదో పాఠకులే అర్థం చేసుకోవాలి. విజయనగరంలో, గంటస్తంభానికి కూతవేటు దూరంలో, మెట్లెక్కి వెళ్ళాల్సిన ఒక ఏసీ రెస్టారెంట్‌లో, కార్తీక మాసం వెళ్ళిన మొదటి ఆదివారం రాత్రి మా బంధువర్గానికి జరిగిన అన్యాయం ఇది. హోటల్ పేరు రాయను. నేను మర్యాదస్తుణ్ణి.

ముందుగా మా వైపు ఏ లోపమూ లేదని తేల్చేస్తాను. మా పెద్దబావగారి రిటైర్మెంట్ పార్టీ. 8 గంటలకి, 14 మందికి టేబుల్ చెప్పాం. 9 గంటల 5 నిమిషాలకి 22 మందిమి వెళ్ళాం. చుట్టాలన్నాక పెరుగుతారు. నెల రోజులు నీచు ముట్టని ఊరు ఊరంతా ఆ రాత్రే హోటళ్ళ మీద పడుతుందని మాకు తెలియదా అంటే తెలుసు. కానీ అది హోటలువాళ్ళు చూసుకోవాల్సిన సంగతి.

మేం ఎక్కువ మందిమి అయినందువల్ల టేబుళ్ళు కలిపి, చివర్న ఒక కుర్చీ వేశారు. వంటగది తలుపు పక్కన, వంటలు బయటకొచ్చే కిటికీకి ఆనుకుని ఉంది. అందులో నన్ను కూర్చోబెట్టారు. అందుచేత ఈ కేసులో నేను బాధితుణ్ణే కాదు, ప్రత్యక్ష సాక్షిని కూడా.

ఇక ముద్దాయి. పందొమ్మిది, ఇరవై ఏళ్ళ గుంటడు. గజపతినగరం వైపు ఊరట, డిగ్రీ చదువుతున్నాడట. అదే మొదటి రోజని తర్వాత తెలిసింది. యూనిఫాం చొక్కా భుజాలు దాటి జారుతోంది. జేబు మీద పేరున్న బేడ్జీ. ఆ పేరు గట్టిగా గుర్తుపెట్టుకున్నాను. ముందుముందు అవసరమవుతుందని నా అంతరాత్మ చెప్పింది.

మెనూ కార్డులు చేతికిచ్చి, మా ఎదురుగా నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు నిలబడ్డాడు. "నీ ఇష్టం", "మీరే చెప్పండి", "నాకేదైనా ఒకటే" అని అందరూ అందరికీ మర్యాదలు చేసుకున్నాక, ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. సూప్ వన్ బై టూ. మా పెద్దత్తకి ఉల్లి, వెల్లుల్లి లేకుండా గోబీ మంచూరియా. మా మేనల్లుడు మొదట చిల్లీ చికెన్ అన్నాడు, తర్వాత అపోలో ఫిష్ అన్నాడు, గుంటడు కొట్టేసి రాశాక మళ్ళీ చిల్లీ చికెనే అన్నాడు. ప్రజాస్వామ్యంలో మనసు మార్చుకునే హక్కు అందరికీ ఉంది.

గుంటడు ఎవరు ఏం చెబితే అది, వాళ్ళు చెప్పిన వరసలోనే రాసుకున్నాడు. ఆ వరసలోనే వెళ్ళి మెషీన్లో కొట్టాడు. కిటికీ అవతల వంటగదిలో చీటీ కక్కడం మొదలైంది. ఆగలేదు. మాస్టర్ దాన్ని చీర కొలిచినట్టు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "ఏటిది, పంచాంగమా?" అన్నాడు.

అరగంట గడిచింది. సూపులు వచ్చాయి, సగం. టేబుల్‌కి ఆ చివర పదకొండుగురు తాగుతుంటే ఈ చివర పదకొండుగురం చూశాం. మావాళ్ళు తాగడం ఎప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు. "తమ్ముడూ, ఏమైంది?" అంటే "ఫైవ్ మినిట్స్ సార్" అన్నాడు. పది నిమిషాల తర్వాత అడిగినా అదే అన్నాడు. ఆ తర్వాత అడుగుదామంటే మనిషే లేడు. వాష్‌బేసిన్ దగ్గర గోడకి ఆనుకుని, మా వైపు చూడకుండా నిలబడ్డాడు. అది నేను చూశాను. రికార్డు చేయవలసిందిగా కోరుతున్నాను.

అప్పుడు కెప్టెన్ రంగప్రవేశం చేశాడు. నలభై ఐదేళ్ళ మనిషి, నల్ల కోటు. గుంటణ్ణి సరిగ్గా నా కుర్చీ వెనక్కి, కిటికీ దగ్గరికి లాక్కొచ్చాడు. నేను వినకూడదనే అనుకున్నాను, చెవులు మూసుకునే వీలు లేకపోయింది.

"ఏటి రాసినావురా ఇది? చిల్లీ చికెన్ నాలుగు చోట్ల ఒకటీ ఒకటీ రాసినావు. మాస్టర్ చీటీ పైనుంచి కిందకి చదువుకుని పోతాడు. ఒకసారి చేసి, కడాయి కడిగి, ఇంకోటేదో చేసి, మళ్ళీ చిల్లీ చికెన్‌కి కడాయి ఎక్కిస్తాడు."

జేబులోంచి పెన్ను తీసి చీటీ వెనక లెక్క వేశాడు. మొత్తం 14 ప్లేట్ల స్టార్టర్లు. చిల్లీ చికెన్ 4, అపోలో ఫిష్ 3, చికెన్ 65 మూడు, క్రిస్పీ కార్న్ 2, మంచూరియా 2. వంటగదిలో పనిచేసే కడాయిలు రెండు. ఒక్కో వాయికి ఐదు నిమిషాలు అనుకుంటే, విడివిడిగా 14 వాయిలకి ముప్పై ఐదు నిమిషాలు. అదే ఒక రకాన్ని ఒకచోట చేరిస్తే కడాయిలో రెండు, మూడు ప్లేట్లు ఒకేసారి పడతాయి. ఆరు వాయిలు. రెండు కడాయిల మీద మూడు విడతలు. నిండు కడాయి కాస్త నెమ్మదిగా వేగుతుంది కాబట్టి ఇంకో మూడు నిమిషాలు వేసుకున్నా ఇరవైలోపు అయిపోతుంది. పెద్దత్త మంచూరియా మాత్రం, కడిగిన కడాయిలో అన్నిటికన్నా ముందు చేయాలి. వెల్లుల్లి తగిలిన కడాయిలో తర్వాత ఎంత లేకుండా చేసినా వాసన పట్టేస్తుంది.

ఇవన్నీ లెక్కల గారడీలని నా అభిప్రాయం. కస్టమర్ దేవుడని గోడ మీద వాళ్ళే రాసుకున్నారు. దేవుళ్ళని రకాలవారీగా కలిపి వేయించవచ్చా?

"మరి బిర్యానీ సార్?" అన్నాడు గుంటడు. గొంతు వణికింది.

ఇక్కడే అసలు కుట్ర బయటపడింది. మొదటి హండీ మేం వచ్చేసరికే పార్సిళ్ళకి అయిపోయిందట. కింద హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డ డెలివరీ కుర్రాళ్ళ చీటీలూ మా చీటీలూ వంటగదిలో ఒకే మెషీన్లోంచి వస్తాయి. మెషీన్‌కి రిటైర్మెంట్ పార్టీ అని తెలీదు. రెండో హండీ పొయ్యి మీద ఉంది. మూత అంచుకి పిండి అద్దేశారు. అడుగున పచ్చి మాంసం, పైన ముప్పావు వంతు ఉడికిన బియ్యం. సెగ మీద ముప్పావు గంట, దించాక ఇంకో పది నిమిషాలు. "పది ముప్పై అయిదుకి ముందు మూత తియ్యకూడదు. తీస్తే ఆవిరంతా పోతాది. మళ్ళీ మూత పెట్టినా మెతుకు పలుకుగానే ఉంటాది, ముక్క ఎముకని వదల్దు. ఎవడొచ్చి అరిచినా తియ్యనివ్వను."

అప్పుడే అరుద్దామని లేచిన నేను కూర్చున్నాను.

"ఇప్పుడెళ్ళి ఏం చెప్పమంటారు?"

"గడియారంలో ఎంతవుతుందో అదే చెప్పు. ఐదు నిమిషాలని చెప్పకు. ఆకలేసినోడు ఆరో నిమిషం నుంచీ లెక్కపెట్టుకుంటాడు. పిల్లలు ఐదుగురున్నారు, ఆళ్ళకి ఎగ్ ఫ్రైడ్ రైస్ ముందు లాగించెయ్. నాన్‌లు ముప్పైకి ముప్పై ఒకేసారి చెప్పకు. తందూర్‌లో ఎనిమిదే పడతాయి. స్టార్టర్లు అవుతుండగా ఎనిమిది చెప్పు, అవి తింటున్నప్పుడు ఇంకో ఎనిమిది. అన్నీ వచ్చేదాకా ఆపితే మొదటివి తోలైపోతాయి. ఇంకోటి, కనబడకుండా పోకు. తేవడానికి ఏమీ లేకపోతే నీళ్ళైనా పొయ్యి."

గుంటడు మా టేబుల్ మధ్యకి వచ్చి నిలబడ్డాడు. "సార్, బిర్యానీ పది ముప్పై అయిదుకి వస్తుంది. స్టార్టర్లు ఇరవై నిమిషాల్లో. పిల్లలకి ముందు ఎగ్ ఫ్రైడ్ రైస్ ఇచ్చేయమంటారా?" అన్నాడు.

పాఠకులారా, ఇంతకన్నా దారుణం ఉంటుందా? "ఫైవ్ మినిట్స్" అన్నంతసేపూ మాకొక ఆశ ఉంది, తిట్టుకునే సౌకర్యం ఉంది. నిజం చెప్పి రెండూ లాగేసుకున్నాడు. పైగా మావాళ్ళు "సరే బాబూ, ఇచ్చేయ్" అనేశారు. మా పెద్దబావగారు మాత్రం ఊరుకోలేదు. ముప్పై ఆరేళ్ళు ఒక సర్కారు ఆఫీసులో పనిచేసిన మనిషి. ఆయన బల్ల మీదికొచ్చిన కాయితం మూడు వారాలు నిద్ర చేయకుండా ఏనాడూ కదల్లేదని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆయన గుంటణ్ణి పక్కన నిలబెట్టుకుని సమయపాలన గురించి పది నిమిషాలు బోధించారు. స్టార్టర్ల మొదటి విడత కిటికీ దగ్గరికొచ్చి ఆ పది నిమిషాలూ నా ముక్కు కింద చల్లారింది.

వడ్డనలో ఇంకో నేరం. మొదట్లో "అపోలో ఫిష్ ఎవరికి సార్? చికెన్ 65 ఎవరికి?" అని ప్లేటు పట్టుకుని వేలంపాట పాడాడు. వేలంలో సహజంగా పెద్ద గొంతున్నవాళ్ళే గెలిచారు. రెండో విడతకి అడగడం మానేశాడు. నేరుగా వచ్చి ఎవరిది వాళ్ళ ముందు పెట్టాడు. ఇదెలా సాధ్యమని అనుమానం వచ్చి, వాడు కిటికీ గట్టు మీద పెట్టిన నోట్‌బుక్కులోకి తొంగి చూశాను. మా టేబుల్ బొమ్మ గీసి, చుట్టూ 22 సున్నాలు చుట్టాడు. ఒక్కో సున్నా పక్కన ఒక గుర్తు. పచ్చ చీర. గళ్ళ చొక్కా. కళ్ళజోడు పెద్దాయన. కిటికీ పక్కనున్న సున్నా దగ్గర రాసింది చదివి నాకు నోట మాట రాలేదు. "బట్టతల, మ.బి."

మ.బి. అంటే మటన్ బిర్యానీ. మొదటి మాటకి వివరణ అక్కర్లేదు. సాహిత్యసేవలో రాలిపోయిన జుట్టుని ఒక డిగ్రీ విద్యార్థి చిరునామాగా వాడుకోవడం ఏ చట్టం కింద వస్తుందో న్యాయవాద మిత్రులు చెప్పాలి.

ఇంకా ఉంది. చికెన్ 65 ప్లేట్లు మూడు ఒకేసారి తెస్తూ, చేతి గుడ్డ జారి బొటనవేలు కాల్చుకున్నాడు. ప్లేట్లు మాత్రం వదల్లేదు, వంగి ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. తర్వాత ఎవరూ చూడట్లేదనుకుని, మా కూల్‌డ్రింకుల కోసం తెచ్చిన ఐసు డబ్బాలో కరిగిన నీళ్ళున్న మూల బొటనవేలు ముంచి, కళ్ళు మూసుకుని, పెదాలతో పది లెక్కపెట్టుకున్నాడు. ఐసు ఎవరిది? మాది.

పది ముప్పై ఆరుకి హండీ మూత తీశారు. ఒక నిమిషం ఆలస్యం, నోట్ చేశాను. ఆ తర్వాత ఒక అరగంటసేపు నా నోట్సులో ఏమీ లేదు. చేతులు ఖాళీ లేవు.

పదకొండు ఇరవైకి బిల్లు. జీఎస్టీ రెండున్నర, రెండున్నర, కలిపి 5 శాతం, ఫోన్లో సరిచూశాను. చిల్లీ చికెన్ నాలుగు తిన్నాం, బిల్లులో మూడే ఉన్నాయి. విధి నాకు న్యాయం చేసిందనుకుని మౌనంగా ఉన్నాను. మా చిన్నక్క కూడా బిల్లు చూసింది. "తమ్ముడూ, ఒకటి తక్కువ వేసినావు, రేపు నీ జీతంలో కోస్తారు" అని నలుగురికీ వినబడేలా చెప్పింది. మా ఇంట్లో పౌరస్పృహ ఇలా ఉంటుంది.

వచ్చేముందు ఫిర్యాదు పుస్తకం అడిగాను. కెప్టెన్ తెచ్చి ఇచ్చాడు. సూపు దగ్గర్నుంచి ఐసు దాకా పేజీన్నర రాసి, కింద ముద్దాయి పేరు బేడ్జీ మీద ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాశాను. కెప్టెన్ చదివాడు. ముఖం చాలా గంభీరంగా పెట్టాడు. "తప్పకుండా చర్య తీసుకుంటాం సార్" అని చేతులు జోడించాడు.

తృప్తిగా మెట్లు దిగాను. కింద చెప్పుల్లో ఏదో గుచ్చుకుంటే ఆగాను. పైనుంచి మాటలు వినబడ్డాయి.

"రేపొచ్చినప్పుడు ఆ బేడ్జీ తీసీరా. ఆడు దసరాకే మానేసి విశాఖ ఎల్లిపోనాడు. కంప్లైంటు ఆడి మీద రాసేసి ఎల్లిపోనారు."

"నా పేరుది ఎప్పుడిస్తారు సార్?"

"ఏటి తొందర? ఉండనీ కొన్నాళ్ళు."

తిరిగి పైకి వెళ్ళి పేరు దిద్ది రావడం పౌరుడిగా నా బాధ్యత. కానీ మెట్లు ఇరవై రెండు, కడుపులో బిర్యానీ.